స్వెటర్లు, ట్రాక్ సూట్లు ఉతికితే ఉండలు ఎందుకు కడతాయి? తగ్గించుకోవడం ఎలా?

చలికాలం మొదట్లో కొన్న స్వెటర్ సంక్రాంతి వచ్చేసరికి చంకల కింద, పక్కల వెంబడి చిన్న చిన్న ఉండలు కట్టేస్తుంది. పిల్లల స్కూలు ట్రాక్ సూట్ అయితే అంతకాలం కూడా ఆగదు. మనం సాధారణంగా సబ్బును అనుమానిస్తాం, లేదంటే వాషింగ్ మెషిన్‌ని. మెషిన్ మీద అనుమానం సగం నిజమే. సబ్బు పాత్ర మాత్రం చాలా తక్కువ. ఉండలు కట్టేది రాపిడి వల్ల.

దీన్ని పరీక్షించే పద్ధతి చూస్తే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. గుడ్డ ఎంత ఉండలు కడుతుందో చూడడానికి ప్రయోగశాలల్లో ఒక పెట్టె వాడతారు. దాని లోపలి గోడలకు కార్క్ అతికించి ఉంటుంది. గుడ్డ ముక్కల్ని గొట్టాలకు తొడిగి ఆ పెట్టెలో వేసి గంటల తరబడి తిప్పుతారు. తర్వాత బయటికి తీసి 5 నుంచి 1 వరకు మార్కు వేస్తారు. 5 అంటే ఉండలే లేవని, 1 అంటే గుడ్డంతా ఉండలేనని అర్థం. ఆ పెట్టెలో నీళ్లుండవు, సబ్బుండదు. పొడి రాపిడి ఒక్కటే ఉండలు పుట్టించడానికి సరిపోతుంది.

రాపిడికి ఉండ ఎలా పుడుతుంది

స్వెటర్ నూలు అంటే పొట్టి పొట్టి పీచును కలిపి పురి పెట్టి చేసిన దారం. పురి గట్టిగా ఉంటే పీచు లోపలే ఉంటుంది. కానీ స్వెటర్ మెత్తగా, వెచ్చగా ఉండాలని పురి కావాలనే వదులుగా పెడతారు. అందుకే కొంచెం రాపిడికే పీచు కొసలు పైకి లేస్తాయి. ఇది మొదటి దశ. ఇప్పుడు గుడ్డ మీద సన్నటి నూగు మాత్రమే కనిపిస్తుంది. ఇంకా రాపిడి జరిగితే ఆ నూగు, దువ్వకుండా వదిలేసిన జుట్టులా, ఒకదానికొకటి చిక్కుపడి ఉండ అవుతుంది. ఆ ఉండను గుడ్డకు పట్టి ఉంచేవి ఇంకా నూలులోనే ఇరుక్కుని ఉన్న నాలుగైదు పీచులు.

ఆ నాలుగైదు పీచులు ఎంత బలమైనవన్న దాన్ని బట్టే మీ బట్ట భవిష్యత్తు ఉంటుంది. అసలు ఉన్ని పీచు అంత బలమైనది కాదు. కొన్నాళ్లకు అది తెగి, ఉండ దానంతటదే రాలిపోతుంది. అందుకే మంచి ఉన్ని స్వెటర్ మొదట్లో ఉండలు కట్టినా, వదులుగా ఉన్న పీచు పోయాక కొంత నెమ్మదిస్తుంది. పాలిస్టర్, నైలాన్ పీచు అంత సులువుగా తెగదు, కాబట్టి ఉండ అక్కడే ఉండిపోతుంది. మనకు బజారులో మామూలు ధరకు దొరికే స్వెటర్లు చాలావరకు యాక్రిలిక్‌వి. యాక్రిలిక్ కూడా ఉన్నికంటే గట్టిగానే పట్టుకుంటుంది.

అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది కాటన్, పాలిస్టర్ కలిపి అల్లిన ట్రాక్ సూట్. కాటన్ పీచు పొట్టిది, సులువుగా పైకి వస్తుంది. పాలిస్టర్ పీచు దాన్ని చుట్టుకుని వదలకుండా పట్టి ఉంచుతుంది. విడివిడిగా ఉంటే రెండూ ఇంత ఉండలు కట్టవు. నిగనిగలాడే, చేతికి జారే పాలిస్టర్ ట్రాక్ ప్యాంటు చాలాకాలం నున్నగా ఉండడానికి కారణం కూడా ఇదే. దాని నూలులో పొట్టి పీచు లేదు, పొడవాటి తెగని పోగులున్నాయి. పైకి లేవడానికి కొసలే లేవు.

మొదట: ఉండలు ఎక్కడున్నాయో చూడండి

బట్టను వెలుతురులో పరిచి చూడండి. ఉండలు చంకల్లో, మోచేతుల దగ్గర, తొడల మధ్య, కూర్చునే చోట, స్కూలు బ్యాగు పట్టీ రాసుకునే భుజాల మీద మాత్రమే ఉంటే అవి తొడుక్కోవడం వల్ల వచ్చినవి. ఉతికే పద్ధతి మార్చినా వాటిని పూర్తిగా ఆపలేరు. వీపు మధ్యన, ఛాతీ మీద, చేతుల పొడవునా, అంటే దేనికీ రాసుకోని చోట కూడా సమానంగా ఉన్నాయంటే అవి ఉతుకులో వచ్చినవి. వాటిని మీరు తగ్గించగలరు.

రెండో పరీక్ష సెల్లోటేపుతో. ముక్క చించి గుడ్డ మీద గట్టిగా నొక్కి లాగండి. టేపుకు అంటుకుని వచ్చేస్తే అది వేరే బట్ట నుంచి వచ్చి అంటిన దూది నలుసు. నీలం ట్రాక్ సూట్ మీద తెల్లగా కనిపించేవి ఎక్కువగా టర్కీ టవల్ నుంచి వచ్చినవే. టేపుకు రాకుండా గుడ్డనే పట్టుకుని ఉంటే అది ఆ గుడ్డలోంచే పుట్టిన ఉండ. రెండూ కలిసి కూడా ఉండొచ్చు. నీలం ఉండలో టవల్ దూది చిక్కుకుంటే ఉండ తెల్లగా మారి, అప్పటిదాకా కంటికి ఆననిది కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

తర్వాత: దేనితో కలిపి ఉతుకుతున్నారో మార్చండి

నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే, పైసా ఖర్చు లేనిది కూడా. ఒక మామూలు ఇంటి ఆదివారం ఉతుకు తీసుకుందాం. 7 కిలోల టాప్ లోడ్ మెషిన్. అందులో రెండు జీన్స్, మూడు టర్కీ టవళ్లు, పిల్లవాడి నీలం ట్రాక్ సూట్, ఒక యాక్రిలిక్ స్వెటర్, నాలుగు టీషర్టులు కలిపి పైదాకా నింపారు. పౌడరు వేసి, జీన్స్ మురికిగా ఉన్నాయని ‘హెవీ’ నొక్కారు. ట్రాక్ సూట్ జిప్పు తెరిచే ఉంది.

లోపల జరిగేది ఇది. టాప్ లోడ్ మెషిన్లో అడుగున ఉన్న చక్రం అటూ ఇటూ తిరుగుతూ బట్టల్ని తిప్పుతుంది. తడిసిన జీన్స్ బరువెక్కి, గరుకు కుట్లతో, లోహపు గుండీలతో స్వెటర్‌ని రుద్దుతూ ఉంటుంది. తెరిచిన జిప్పు పళ్లు అల్లికను గీకుతాయి. టవళ్లు దూది వదులుతాయి. మెషిన్ నిండుగా ఉంటే బట్టలు నీళ్లలో తేలకుండా ఒకదానిమీద ఒకటి ఒరుసుకుంటాయి. ‘హెవీ’ కాబట్టి ఇదంతా మరింత సేపు సాగుతుంది. ఈ లెక్కన ఆ స్వెటర్ ఒంటిమీద ఉన్నప్పటికంటే ఉతుకులోనే ఎక్కువ అరుగుతుంది.

అవే బట్టల్ని ఇలా విడదీయండి. టవళ్లు ఒక విడత. అందులోకి ట్రాక్ సూట్ ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. జీన్స్‌ని మరో ముదురు రంగు ముతక బట్టలతో వేయండి. ట్రాక్ సూట్‌ని టీషర్టులతో కలిపి, టబ్ సగానికి మించకుండా వేయండి. స్వెటర్‌ని చేత్తో ఉతకండి. మూడు విడతలంటే నీళ్లు ఎక్కువ ఖర్చవుతాయనిపిస్తే జీన్స్, టవళ్లు కలిపి వేసుకోండి, వాటికి పెద్దగా ఏమీ కాదు. ట్రాక్ సూట్ ఒక్కదాన్ని మాత్రం ఆ గుంపులోంచి తప్పించండి.

మెషిన్లో వేసేముందు

ట్రాక్ సూట్‌ని తిరగేయండి, అంటే లోపలి వైపు బయటికి రావాలి. రాపిడి ఆగదు గానీ, కనిపించని వైపు జరుగుతుంది. చెమట కూడా లోపలి వైపే ఉంటుంది కాబట్టి ఉతుకు కూడా బాగా అవుతుంది. జిప్పు పైదాకా పెట్టండి, నడుం తాడు ముడి వేయండి. వెల్క్రో ఉన్న బట్ట, బూట్లు, బ్యాగులు అదే విడతలో ఉంటే వెల్క్రో అంటించే ఉంచండి. విప్పిన వెల్క్రో కొక్కేలు ఒక్క ఉతుకులోనే అల్లికను పీకిపెట్టగలవు.

వల సంచి దొరికితే, మెషిన్లోనే వేయక తప్పని స్వెటర్, పల్చటి అల్లిక బట్టలు అందులో వేయండి. సంచికి ఒక్క బట్టే వేయాలి. మూడు నాలుగు కుక్కితే సంచిలోపలే అవి ఒకదాన్నొకటి రుద్దుకుంటాయి, సంచి పెట్టిన ప్రయోజనం పోతుంది. ఒక్క బట్ట అయినా అందులో కాస్త కదలాలి, లేకపోతే మడతల్లో సబ్బు మిగిలిపోతుంది.

ఇక మెషిన్ మీద: ‘డెలికేట్’, ‘వూల్’, ‘హ్యాండ్ వాష్’, ఏది ఉంటే అది ఎంచుకోండి. ఏదీ లేకపోతే అన్నిటికంటే తక్కువ సమయం పట్టేది. టాప్ లోడ్‌లో నీటిమట్టం మార్చుకునే వీలుంటే ఒక మెట్టు పెంచండి. నీళ్లు ఎక్కువగా ఉంటే బట్టలు తేలతాయి, ఒరుసుకోవడం తగ్గుతుంది. స్పిన్ తక్కువలో పెట్టండి. ఫ్రంట్ లోడ్ అయితే 400 నుంచి 600 మధ్య చాలు. చన్నీళ్లు, లేదా 30 డిగ్రీలు. వేడి నీళ్లకు యాక్రిలిక్ సాగి ఆకారం పోతుంది, ఉన్ని ముడుచుకుపోతుంది. సెమీ ఆటోమేటిక్ వాడేవాళ్లు టైమర్ మీద దృష్టి పెడితే చాలు. ట్రాక్ సూట్‌కి ఐదారు నిమిషాలు తిరిగితే సరిపోతుంది, 15 నిమిషాలు అక్కర్లేదు. మోకాళ్ల దగ్గర మట్టి ఉంటే ఎక్కువసేపు తిప్పే బదులు ముందు అక్కడ కాస్త లిక్విడ్ రాసి పావుగంట వదిలేయండి.

ఆ మట్టి మరకను బ్రష్‌తో మాత్రం తోమవద్దు. మనకు కాలర్లూ, మోకాళ్లూ బ్రష్ పెట్టి తోమే అలవాటు ఉంది. నేత చొక్కాకు అది చెల్లుతుంది. అల్లిక గుడ్డకు చెల్లదు. బ్రష్ వెంట్రుకలు పీచు కొసల్ని ఒక్కొక్కటిగా పైకి లాగుతాయి. బండ మీద బాదడం కూడా అంతే. వేళ్లతోగానీ మెత్తటి స్పాంజితోగానీ అద్దండి.

స్వెటర్‌ని చేత్తో ఉతకడం

బకెట్లో సగం దాకా చన్నీళ్లుగానీ గోరువెచ్చటి నీళ్లుగానీ పోయండి. ఉన్ని బట్టల లిక్విడ్ సీసా మీద చెప్పినంత కలపండి. ముందు నీళ్లలో కలిపి, ఆ తర్వాతే స్వెటర్ ముంచాలి. తిరగేసిన స్వెటర్‌ని ముంచి, అరచేతులతో నొక్కుతూ వదులుతూ ఉండండి. రెండు చేతుల మధ్య పెట్టి రుద్దవద్దు. పది నిమిషాల్లోపు పని అయిపోవాలి. రాత్రంతా నానబెట్టడం వల్ల లాభం లేదు.

ఇప్పుడు దాన్ని భుజాలు పట్టుకుని పైకి లేపకండి. నీళ్ల బరువుకు సాగిపోతుంది. కింద చేతులు పెట్టి మొత్తంగా ఎత్తి, వేరే నీళ్లలోకి మార్చండి. నురగ పోయేదాకా ఇలాగే రెండు మూడు సార్లు. పిండడం కూడా వద్దు. పిండితే పురి విప్పుకుంటుంది, అల్లిక మెలితిరుగుతుంది. నొక్కి నీళ్లు వదిలించి, ఒక పొడి గుడ్డ మీద పరిచి, చాపలా చుట్టి చేత్తో అదమండి. చాలామంది ఇక్కడ టర్కీ టవల్ వాడమంటారు. ముదురు రంగు స్వెటర్‌కి అది మంచిది కాదు, దూది అంటిస్తుంది. పాత పంచెగానీ, లుంగీగానీ, మెత్తబడిన దుప్పటిగానీ నీళ్లు బాగానే పీలుస్తుంది, నలుసులు వదలదు. తర్వాత నీడలో మంచం మీద పరిచి ఆరబెట్టండి. నవారు మంచమైతే కిందనుంచి కూడా గాలి తగిలి త్వరగా ఆరుతుంది. తీగ మీద వేలాడదీస్తే చేతులు బారెడు పొడుగవుతాయి.

ప్రతిసారీ ఉతకాల్సిన అవసరం కూడా లేదు. చొక్కా మీద వేసుకున్న స్వెటర్‌ని రాత్రి గాలికి ఆరేస్తే వాసన పోతుంది. నాలుగైదుసార్లు వేసుకున్నాక ఉతకొచ్చు. ట్రాక్ సూట్‌కి ఈ వెసులుబాటు లేదు, చెమట పట్టిన రోజే ఉతకాలి.

సబ్బు సంగతి

రాపిడి అసలు కారణమైనా సబ్బు రెండు చోట్ల ముఖ్యం. మొదటిది, చన్నీళ్లలో పౌడరు పూర్తిగా కరగకపోతే ఆ రేణువులు అల్లికలో ఇరుక్కుని రాపిడి పెంచుతాయి. పౌడరే వాడుతుంటే ముందు మగ్గులో వెచ్చటి నీళ్లతో కరిగించి పోయండి. లేదా లిక్విడ్ వాడండి.

రెండోది ఎంజైములు. కాటన్‌ని కరిగించే సెల్యులేజ్ అనే ఎంజైము కొన్ని డిటర్జెంట్లలో ఉంటుంది. అది గుడ్డపైన లేచిన కాటన్ నూగును ఉతికినప్పుడల్లా కొంచెం కొంచెం తినేస్తుంది. టీషర్టుల మీద ‘బయో వాష్’ అని రాసి అమ్మేది ఈ పద్ధతిలో చేసినవే. ఫ్యాక్టరీలోనే ఎంజైముతో నూగు తీసేస్తారు. కాటన్ ఎక్కువున్న ట్రాక్ సూట్‌కి ఇలాంటి డిటర్జెంట్ పనికొస్తుంది. పూర్తి పాలిస్టర్‌కి, యాక్రిలిక్‌కి దీనివల్ల ఒరిగేదేమీ లేదు, ఆ పీచును అది ముట్టుకోదు. అసలు ఉన్ని విషయంలో మాత్రం జాగ్రత్త. రక్తం, గుడ్డు వంటి మరకల్ని వదిలించడానికి మామూలు డిటర్జెంట్లలో ప్రోటియేజ్ వేస్తారు. అది ప్రొటీన్‌ని కరిగిస్తుంది. ఉన్ని అచ్చంగా ప్రొటీనే. అందుకే దానికి వేరే లిక్విడ్ వాడమంటున్నాను.

ఫాబ్రిక్ కండిషనర్ యాక్రిలిక్ స్వెటర్‌కి కొంత ఉపయోగపడుతుంది. గుడ్డ నున్నబడి తక్కువ ఒరుసుకుంటుంది. ఆటలకు వేసుకునే పాలిస్టర్ ట్రాక్ సూట్‌కి వాడకండి. పైన పొర కట్టి చెమటను లాగే గుణం తగ్గిస్తుంది.

ఇప్పటికే కట్టిన ఉండలు తీయడం

చేత్తో లాగవద్దు. ఉండను పట్టుకుని లాగితే దాన్ని పట్టి ఉంచిన పీచు నూలులోంచి ఇంకాస్త బయటికి వస్తుంది. ఈ రోజు పోయినట్టే ఉంటుంది, మరో రెండు ఉతుకులకు అదే చోట ఇంకా ఎక్కువ కడతాయి. లాగడం కాదు, కోయడమే పద్ధతి.

లింట్ రిమూవర్ పేరుతో దొరికే చిన్న షేవర్ దీనికి సరైనది. బట్ట పూర్తిగా ఆరి ఉండాలి. బల్ల మీద పరిచి, ముడతలు లేకుండా సరిచేసి, ఒక చేత్తో గుడ్డను నిలకడగా పట్టుకోండి. లాగి బిగించవద్దు, అల్లిక విచ్చుకుని నూలే బ్లేడు రంధ్రాల్లోకి వెళుతుంది. షేవర్‌ని నొక్కకుండా, ఆనీ ఆననట్టు, చిన్న చిన్న చుట్లు తిప్పుతూ పోండి. మొదట లోపలి వైపు ఒక మూల ప్రయత్నించి చూడండి. కుట్ల దగ్గర, అంచు పట్టీల దగ్గర, ఎంబ్రాయిడరీ దగ్గర ఆపేయండి. స్కూలు పేరు కుట్టిన చోట ఒక్కసారి తగిలితే దారాలు తెగిపోతాయి.

షేవర్ లేకపోతే గడ్డం గీసుకునే కొత్త రేజరుతో చేయొచ్చు. దట్టమైన ట్రాక్ సూట్ గుడ్డ మీద ఒకే దిశలో, పొట్టి పొట్టి గీతలుగా గీయండి. వదులు అల్లిక స్వెటర్ మీద రేజరు పెట్టవద్దు, కన్నం పడుతుంది. అక్కడ చిన్న కత్తెరతో ఒక్కో ఉండ కత్తిరించడం విసుగనిపించినా సురక్షితం. చివర్లో మిగిలిన నలుసులకు సెల్లోటేపు చాలు.

మోచేతుల దగ్గర గుడ్డను వెలుతురుకు పట్టి చూసినప్పుడు మిగతా చోట్లకంటే పల్చగా కనిపిస్తుంటే అక్కడ షేవర్ ఆపండి. ఉండల రూపంలో పోయినదంతా ఆ నూలులోని పీచే. ఇంకా కోస్తే అల్లిక తెగుతుంది. అలాంటి చోట లోపలి నుంచి మాసిక వేయించుకోవడం మేలు.

కొనేటప్పుడు ఒక్క నిమిషం

చలికాలంలో టిబెటన్లు పెట్టే స్వెటర్ల దుకాణాల దగ్గరగానీ, స్కూలు యూనిఫాం కొట్టులోగానీ, గుడ్డను మడిచి దానిమీద దాన్నే ఇరవై ముప్ఫైసార్లు బొటనవేలితో రుద్దండి. రుద్దిన చోటును వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. అప్పుడే నూగు లేచిందంటే ఇంటికి తెచ్చాక ఏ జాగ్రత్తా ఎక్కువ కాపాడలేదు. చేతికి ఎంతో మెత్తగా, బొచ్చుబొచ్చుగా తగిలేది ఎక్కువగా పురి వదులుగా ఉన్నదే. అల్లిక దగ్గరగా ఉండి కాస్త బిగువుగా తగిలేది ఎక్కువకాలం నున్నగా ఉంటుంది. లోపలి లేబుల్ మీద కాటన్, పాలిస్టర్ సగం సగం అని ఉంటే, అదే ధరలో జారుడు పాలిస్టర్ ట్రాక్ సూట్ దొరుకుతుందేమో అడగండి. ఎండాకాలం పిల్లవాడికి కాటన్ కలిసినదే హాయిగా ఉంటుందనిపిస్తే అదే కొనండి, కాకపోతే దాన్ని టవళ్లతో కలిపి ఉతకకండి.